అప్‌వర్క్‌లో కనెక్ట్స్ ఏ పోస్టుకి పెట్టాలి, ఏది వదిలేయాలి?

ప్రశ్న: "మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. వర్డ్‌ప్రెస్, వూకామర్స్ పని వచ్చు. ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్‌లో, బిడ్‌కి ఖర్చయ్యే కనెక్ట్స్ కొని బిడ్లు వేస్తూనే ఉన్నా, రిప్లైలు దాదాపు లేవు. ఒక 50 డాలర్ల పని దొరికింది కానీ చివరికి చేతికి వచ్చింది చూసి నీరసం వచ్చింది. ఈ కనెక్ట్స్, ఫీజుల లెక్క అసలేంటి? ఏ పోస్టుకి పెట్టాలి, ఏది వదిలేయాలి? ఫ్రీలాన్సర్ డాట్ కామ్ కూడా చూడమంటారా?"

సమాధానం:

ముందు సూటిగా చెప్పేస్తాను. క్లయింట్ ఇంతకుముందు ఇలాంటి పనికి నిజంగా డబ్బు కట్టి ఉండాలి, ఈ పోస్టును ఇంకా తెరిచి చూస్తూ ఉండాలి, అతని సమస్య గురించి మీరు మొదటి రెండు లైన్లలోనే పనికొచ్చే మాట చెప్పగలగాలి. ఈ మూడూ కుదిరిన పోస్టుకే కనెక్ట్స్ పెట్టండి. అలాంటివి రోజుకి ఒకటో రెండో దొరుకుతాయి, కొన్ని రోజులు ఒక్కటీ దొరకదు. దొరకని రోజు బిడ్ వేయకండి. ఇక 50 డాలర్ల పనుల సంగతంటారా, మొదటి రివ్యూల కోసమైతే సరే, సంపాదన కోసమైతే ఆ లెక్క తేలదు. ఎందుకు తేలదో చూద్దాం.

నేను కేఆర్ పురంలో ఉంటూ చాలా ఏళ్లుగా వూకామర్స్ పనే చేస్తున్నాను, కాబట్టి ఉదాహరణలన్నీ మీ లైన్‌వే ఉంటాయి.

బిడ్ అసలు ధర

కనెక్ట్ ఒక్కోటి 0.15 డాలర్లు. మీకు జీఎస్టీ నంబర్ లేకపోతే దాని మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అంటే దాదాపు 0.177. ఒకప్పుడు రెండు నుంచి ఆరు కనెక్ట్స్‌తో బిడ్ అయిపోయేది. ఇప్పుడు పోస్టును బట్టి పదీ పన్నెండూ దాటిపోవడం మామూలే. ఎన్ని కావాలో పోస్టులోనే కనిపిస్తుంది. పన్నెండు అనుకుందాం. ఒక్క బిడ్‌కి 2.12 డాలర్లు అయ్యాయి.

ఇది చూసి "రెండు డాలర్లే కదా" అనిపిస్తుంది. కానీ మీరు కడుతున్నది ఆ ఒక్క బిడ్‌కి కాదు. ఇరవై బిడ్లకి ఒక పని వస్తోందనుకోండి, ఆ ఒక్క పని రావడానికి అయిన ఖర్చు 42.48 డాలర్లు. రాని పందొమ్మిదింటి ఖర్చూ వచ్చినదే మోయాలి.

ఇప్పుడు మీ 50 డాలర్ల పని సంగతి. సర్వీస్ ఫీజు 10 శాతం అనుకుంటే 5 డాలర్లు, ఆ ఫీజు మీద జీఎస్టీ 0.90. మిగిలింది 44.10. అందులోంచి బిడ్ల ఖర్చు 42.48 తీసేయండి. మన బ్యాంకు ఖాతాకి పంపేటప్పుడు ఒక్కో విత్‌డ్రాయల్‌కి పట్టే 0.99 కూడా తీసేయండి. చివరికి మిగిలేది 63 సెంట్లు. మీకు నీరసం రావడంలో వింతేమీ లేదు. అదే ఇరవైకి ఒకటి చొప్పున 300 డాలర్ల పని వచ్చి ఉంటే, అన్నీ పోగా 221 డాలర్లు మిగిలేవి. బిడ్ ఖర్చు రెండింటికీ ఒకటే, కనెక్ట్స్ సంఖ్య పని విలువతో సమానంగా పెరగదు కాబట్టి చిన్న పని నలిగిపోతుంది.

అలాగని పెద్ద పనులకే బిడ్ వేయమనడం లేదు. ఇరవైకి ఒకటి కాకుండా ఎనిమిదికి ఒకటి వస్తే అదే 50 డాలర్ల పనిలో 26 డాలర్లు మిగులుతాయి. అంటే మీరు మార్చగలిగేది రెండే, పని సైజు, ఎన్ని బిడ్లకి ఒకటి వస్తోందన్న నిష్పత్తి. ఆ రెండోదాన్ని మార్చేది పోస్టుల ఎంపికే.

ఫీజు గురించి చాలామంది పాత లెక్కలోనే ఉన్నారు

యూట్యూబ్‌లో ఇప్పటికీ "మొదటి 500 డాలర్లకి 20 శాతం, తర్వాత 10, పది వేలు దాటితే 5" అని చెప్పే వీడియోలు తిరుగుతున్నాయి. అది 2023లోనే పోయింది, అందరికీ 10 శాతం చేశారు. 2025 మే నుంచి కొత్త కాంట్రాక్టులకి అది కూడా మారింది, 0 నుంచి 15 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చు. ఆ స్కిల్‌కి ఉన్న గిరాకీ, పోటీ లాంటివాటిని బట్టి వాళ్లే నిర్ణయిస్తారు. మీరు బేరమాడేదేం లేదు.

కానీ ఒక మంచి సంగతి ఉంది. బిడ్ పంపే పేజీలో మీ రేటు టైప్ చేయగానే ఫీజు ఎంత కోస్తారో, మీకు ఎంత వస్తుందో అక్కడే కనిపిస్తుంది. ఆ కాంట్రాక్టు ఉన్నంతకాలం ఆ శాతం మారదు. కాబట్టి పంపే ముందు ఆ లైన్ చూడండి. 15 కనిపిస్తే పైన చెప్పిన 50 డాలర్ల లెక్కలో జీఎస్టీతో కలిపి 8.85 పోయి 41.15 మాత్రమే వస్తుంది, బిడ్ల ఖర్చు కూడా రాదు. నేనైతే 15 శాతం చూపించినప్పుడు ఒకటే ఆలోచిస్తాను, ఈ క్లయింట్ దగ్గర తర్వాత కూడా పని ఉంటుందా లేదా అని. ఒకసారి చేసి పోయే పనికి 15 శాతం కట్టి, పైన కనెక్ట్స్ కూడా పెట్టడం నాకు నచ్చదు. తర్వాతి పనులకి మళ్లీ బిడ్ అక్కర్లేదు కాబట్టి దీర్ఘకాలపు క్లయింట్ అయితే ఫీజు ఎక్కువైనా తట్టుకోవచ్చు.

ఇంకోటి, మీ ప్రొఫైల్‌లో PAN, టాక్స్ వివరాలు నింపారో లేదో చూసుకోండి. ఖాళీగా ఉంచితే టీడీఎస్ ఎక్కువ పోతుంది. PAN లేకుండా కోసిన టీడీఎస్‌ని తర్వాత రిటర్న్‌లో వెనక్కి రాబట్టుకోవడం కూడా కష్టం.

రెండు పోస్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం

మీరు రోజూ చూసే బాపతే రెండు పోస్టులు తీసుకుంటాను.

మొదటిది: "వర్డ్‌ప్రెస్ సైట్‌లో చిన్న చిన్న మార్పులు కావాలి, నిపుణులు మాత్రమే." బడ్జెట్ 50 డాలర్లు, 12 కనెక్ట్స్. పోస్ట్ చేసి రెండు రోజులైంది. Proposals దగ్గర 50+ అని ఉంది. Last viewed by client నిన్న. Interviewing దగ్గర 4.

ఇది చూడ్డానికి చాలా తేలిక పనిలా ఉంటుంది, అందుకే అందరూ ఎగబడతారు. కానీ అక్కడున్న వాటిలో నాకు భయం వేసేది 50+ కాదు, ఆ 4. అంటే క్లయింట్ ఇప్పటికే నలుగురితో మాట్లాడుతున్నాడు, నిన్నటి నుంచి మళ్లీ వచ్చి లిస్టు తెరవలేదు. కొత్త బిడ్ చదివే ఉద్దేశం అతనికి ఉందనడానికి ఆధారమేమీ లేదు. మీ రెండు డాలర్లు ఎవరూ చదవని బిడ్‌కి పోతాయి. పైగా "చిన్న చిన్న మార్పులు" అన్నదాని మీద మీరు రాయగలిగేదేముంది? "నేను ఇన్నేళ్లుగా చేస్తున్నాను, మీ పని చేయగలను" తప్ప ఇంకేం రాయలేరు. మిగతా యాభై మందీ అదే రాసి ఉంటారు.

రెండోది: "వూకామర్స్‌లో కొత్త షిప్పింగ్ జోన్ పెట్టిన తర్వాత ఒక రాష్ట్రం కస్టమర్లకి తప్పు షిప్పింగ్ చార్జ్ పడుతోంది." బడ్జెట్ 150, 14 కనెక్ట్స్. పోస్ట్ చేసి నలభై నిమిషాలైంది. Proposals 15 to 20. Interviewing సున్నా. క్లయింట్ వివరాల్లో 23 jobs posted, 78% hire rate, $9K total spent.

ఇక్కడ ఆగి లెక్క వేయాలి. 23లో 78 శాతం అంటే దాదాపు 18 మందిని తీసుకున్నాడు. 9,000ని 18తో భాగిస్తే ఒక్కో పనికి 500. "అబ్బో, మంచి పార్టీ" అని 400 కోట్ చేసేయకండి. కిందికి వెళ్లి Client's recent history తెరవండి. అక్కడ గంటల లెక్కన కట్టిన ఒక్క కాంట్రాక్టుకే 6,800 పోయిందని కనిపిస్తే, మిగతా 17 పనులకి అయింది 2,200. అంటే ఒక్కోటి దాదాపు 130. ఇప్పుడు అసలు చిత్రం తెలిసింది, 150 అతను ఎప్పుడూ ఇచ్చే ధరే, దాన్ని 400 చేయించడం కుదరదు, కానీ 150 మాత్రం కచ్చితంగా కడతాడు. మొత్తం ఖర్చు అంకె ఒక్కటే చూసి మోసపోవడం ఇక్కడ చాలా మామూలు.

అదే చరిత్రలో ఫ్రీలాన్సర్లు ఇతనికి ఇచ్చిన రివ్యూలు, ఇతను వాళ్లకి ఇచ్చిన రివ్యూలు రెండూ చదవండి. పాత ఫ్రీలాన్సర్ ఎవరో థ్యాంక్స్ చెబుతూ అతని పేరు రాసి ఉంటారు, బిడ్‌లో పేరుతో పలకరించవచ్చు. ఇంకా ముఖ్యంగా, ఇతను వాళ్లకి తక్కువ స్టార్లు ఇస్తూ కారణం ఏం రాశాడో చూడండి. వరసగా నలుగురిని తిట్టినవాడు ఐదోవాడైన మిమ్మల్ని పొగడడు. కొత్త ప్రొఫైల్‌కి ఒక్క చెడ్డ రివ్యూ పడితే పోయేది ఆ 150 మాత్రమే కాదు.

ఇప్పుడు పని సంగతి. వూకామర్స్ షిప్పింగ్ జోన్లను పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, కస్టమర్ అడ్రసుకి మొదట సరిపోయిన జోన్ దగ్గరే ఆగిపోతుంది. దేశం మొత్తానికి పెట్టిన జోన్ పైన ఉండి, కొత్తగా ఆ రాష్ట్రానికి పెట్టిన జోన్ దాని కింద ఉంటే కొత్తది ఎప్పటికీ పని చేయదు. ఈ క్లయింట్ సమస్య బహుశా అదే. కాబట్టి నా బిడ్ మొదటి లైన్ ఇలా ఉంటుంది: మీ కొత్త జోన్ లిస్టులో పాత జోన్ కింద ఉందేమో ఒకసారి చూడండి, ఉంటే పైకి లాగి కార్ట్‌లో ఆ రాష్ట్రం అడ్రసు పెట్టి పరీక్షించండి. రెండో లైన్: అప్పటికీ తప్పు చార్జే వస్తే షిప్పింగ్ క్లాసుల్లోనో ప్లగిన్‌లోనో ఉంది, అది నేను చూసి సరిచేస్తాను.

"సమాధానం ఫ్రీగా చెప్పేస్తే అతనే చేసుకుంటాడు కదా" అని నన్ను చాలామంది అడుగుతారు. కొందరు చేసుకుంటారు, నిజమే. కానీ ఎక్కువమంది "వీడికి విషయం తెలుసు, వీడితోనే చేయిద్దాం" అనుకుంటారు. క్లయింట్‌కి బిడ్ల లిస్టులో మీ కవర్ లెటర్ మొత్తం కనిపించదు, మొదటి రెండు లైన్లే కనిపిస్తాయి. ఆ చోటును "డియర్ సర్, ఐ హావ్ రెడ్ యువర్ రిక్వైర్‌మెంట్"తో నింపితే పద్నాలుగు కనెక్ట్స్ నీళ్లపాలే.

పోస్టు చదవగానే ఇలాంటి రెండు లైన్లు నాకు తట్టకపోతే, క్లయింట్ ఎంత గొప్పవాడైనా వదిలేస్తాను.

మరికొన్ని అంకెలు, వాటి అసలు అర్థం

Hire rate ఒక్కటే చూడకండి. ఒక్క పోస్టు వేసి ఒకరిని తీసుకున్నా 100 శాతమే చూపిస్తుంది. నలభై పోస్టులు వేసి 30 శాతం ఉన్నవాడు మాత్రం ఎక్కువగా ధరలు కనుక్కోవడానికే పోస్ట్ చేస్తున్నట్టు. వాడి పోస్టు గడువు అయిపోయి దానంతటదే మూతపడితే మీ కనెక్ట్స్ వెనక్కి రావు. క్లయింట్ ఎవరినీ తీసుకోకుండా తనే పోస్టు మూసేసినా, నిబంధనలు మీరిందని సైట్ తీసేసినా తిరిగి వస్తాయి. మీ అంతట మీరు బిడ్ విత్‌డ్రా చేసుకుంటే రావు.

Hires దగ్గర 1 అని ఉండి పోస్టు ఇంకా తెరిచే ఉందా? చాలామంది క్లయింట్లు మనిషి దొరికాక పోస్టు మూయడం మర్చిపోతారు. ఒక్కరే కావాలన్న పోస్టులో ఆ 1 కనిపిస్తే పక్కకి తప్పుకోండి.

పేమెంట్ వెరిఫై కాని క్లయింట్‌ని అందరూ వద్దంటారు. నేను పూర్తిగా వద్దనను. ప్రతి మంచి క్లయింట్ ఏదో ఒక రోజు కొత్తవాడే. వివరణలో ప్లగిన్ పేరు, ఎర్రర్ మెసేజ్, సైట్ లింక్ లాంటివి రాసిన కొత్తవాడైతే వేస్తాను, రెండు లైన్లలో ఊరించే పోస్టు అయితే వేయను. ఎలాగూ ఫిక్స్‌డ్ ప్రైస్ పనిలో మైల్‌స్టోన్‌కి, అంటే పనిలో ఒక్కో విడతకి, డబ్బు జమ అయినట్టు కనిపించేదాకా పని మొదలుపెట్టకూడదు, అది ఎవరి విషయంలోనైనా అంతే.

టెలిగ్రామ్‌కో వాట్సాప్‌కో రమ్మనే పోస్టులు, "ముందు సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి" అనేవి పచ్చి మోసాలు. డేటా ఎంట్రీ, టైపింగ్, పీడీఎఫ్ నుంచి వర్డ్‌కి మార్చే పనుల్లో ఇవి మరీ ఎక్కువ. టిన్ ఫ్యాక్టరీ దగ్గర రూమ్ తీసుకుని ఉంటున్న మా ఊరి కుర్రాడు ఒకడు వరసగా ఇలాంటి వాటికే కనెక్ట్స్ పోసేవాడు, ఎందుకంటే రిప్లై వచ్చేది వాటి నుంచే. రిప్లై వెంటనే రావడమే అక్కడ అనుమానించాల్సిన విషయం. కనిపిస్తే ఫ్లాగ్ చేయండి. పోస్టు తీసేస్తే మీ కనెక్ట్స్ కూడా మీకు వచ్చేస్తాయి.

టైమింగ్

మనకి ఒక సౌకర్యం ఉంది. న్యూయార్క్‌లో ఉదయం తొమ్మిది అంటే ఇక్కడ సాయంత్రం ఆరున్నర, వాళ్ల చలికాలంలో ఏడున్నర. అమెరికా క్లయింట్లు ఆఫీసుకొచ్చి పోస్ట్ చేసే వేళకి మీరు ఖాళీగా ఉంటారు. పీజీలో భోజనం ముందు ఒక గంట, తర్వాత ఒక గంట దీనికి పెట్టుకోండి, మీ స్కిల్‌తో ఒక సెర్చ్ సేవ్ చేసుకుని కొత్తవి పైకి వచ్చేలా పెట్టుకోండి. పొద్దున లేచి రాత్రి పోస్టులకి బిడ్ వేస్తే అప్పటికే ఇంటర్వ్యూలు మొదలై ఉంటాయి. సిడ్నీ వాళ్ల ఉదయం మనకి తెల్లవారుజామున మూడున్నరకో నాలుగున్నరకో పడుతుంది, దాని కోసం నిద్ర పాడుచేసుకోమని నేను చెప్పను.

బూస్ట్ చేయాలా?

బూస్ట్ అంటే వేలంపాట. లిస్టులో పై స్థానాల కోసం మామూలు కనెక్ట్స్ మీద ఇంకొన్ని అదనంగా పాడతారు. ఎవరైనా మిమ్మల్ని దాటిపోతే ఆ అదనపువి వెనక్కి వస్తాయి, అసలు బిడ్‌వి రావు. పాట ఎంతదాకా వెళ్లిందో అక్కడే చూపిస్తారు. ముప్పై నలభై దాకా వెళ్లిన పోస్టుల్లో మీ స్థాయిలో ఉన్నవాళ్లు దిగకూడదు, ఒక్క బిడ్‌కే ఎనిమిది తొమ్మిది డాలర్లు అవుతుంది. పైన చెప్పిన షిప్పింగ్ జోన్ లాంటి పోస్టు, అంటే మొదటి లైన్ మీ దగ్గర సిద్ధంగా ఉన్నది, తక్కువ పాటలో దొరికితే అప్పుడు పెట్టొచ్చు. పసలేని బిడ్‌ని పైకి ఎక్కిస్తే క్లయింట్ దాన్ని త్వరగా తిరస్కరిస్తాడు, అంతే తేడా.

నెలవారీ ప్లాన్ కేవలం కనెక్ట్స్ కోసమే తీసుకోవద్దు. ప్లాన్ ధరని అందులో ఇచ్చే కనెక్ట్స్‌తో భాగించి, విడిగా కొంటే పడే ధరతో పోల్చుకుంటే మీకే తెలుస్తుంది. విడిగా కొన్నవి ఏడాది దాకా ఉంటాయి, తొందరపడి ఖర్చు చేయాల్సిన పని లేదు.

ఒక షీట్ పెట్టుకోండి

గూగుల్ షీట్‌లో ఒక్కో బిడ్‌కి ఒక వరస. తేదీ, పని రకం, పోస్టు వయసు, ఎన్ని కనెక్ట్స్, క్లయింట్ బిడ్ తెరిచాడా, రిప్లై వచ్చిందా, పని వచ్చిందా. కొన్ని వారాలయ్యాక పని రకం వారీగా చూడండి. నా షీట్‌లో స్పష్టంగా తేలింది ఏంటంటే, "కొత్త వెబ్‌సైట్ కావాలి" పోస్టులకి పెట్టిన కనెక్ట్స్ దాదాపు అన్నీ వృథా, "ఫలానాది పని చేయడం లేదు" పోస్టుల నుంచే పని వచ్చింది. కొత్త సైట్ కావాలన్నవాడు తీరిగ్గా పది మందిని పోలుస్తాడు. చెకౌట్ ఆగిపోయినవాడికి గంట గంటకీ అమ్మకాలు పోతుంటాయి, వెంటనే మనిషిని పట్టుకోవాలి. అలా పరిచయమైనవాళ్లే తర్వాత కొత్త పని ఉన్నప్పుడు నేరుగా ఇన్విటేషన్ పంపుతారు. ఇన్విటేషన్‌కి జవాబివ్వడానికి కనెక్ట్స్ పడవు.

మీ షీట్‌లో క్లయింట్ తెరవనే లేదని ఎక్కువగా కనిపిస్తే తప్పు పోస్టుల ఎంపికలోనో, మొదటి రెండు లైన్లలోనో ఉంది. తెరిచి కూడా జవాబివ్వకపోతే మీ ప్రొఫైల్, రేటు, పాత పనుల శాంపిల్స్ చూసుకోవాలి. రెండింటికీ మందు వేరు, కాబట్టి ఆ కాలమ్ మాత్రం మానకండి.

ఫ్రీలాన్సర్ డాట్ కామ్ సంగతి

చూడొచ్చు, కానీ అక్కడ ఫీజు పడే సమయం వేరు. ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టుకి 10 శాతం లేదా 5 డాలర్లు, ఏది ఎక్కువైతే అది. 30 డాలర్ల పనికి 5 డాలర్లంటే దాదాపు 17 శాతం అన్నమాట. ఆ ఫీజు క్లయింట్ డబ్బు కట్టినప్పుడు కాదు, మీరు ప్రాజెక్టు Accept నొక్కగానే మీ ఖాతాలోంచి కోస్తారు. క్లయింట్ తర్వాత మాయమైనా బ్యాలెన్స్ మైనస్‌లోకి పోయేది మీదే. కాబట్టి అక్కడ అవార్డు రాగానే సంబరంగా నొక్కేయకండి. ముందు చాట్‌లో మాట్లాడి, పని ఏమిటో, ఎంతకో రాయించుకుని, మైల్‌స్టోన్ క్రియేట్ చేయమని అడగండి. "పని చూపించాక చేస్తాను" అనేవాడి ప్రాజెక్టు నేనైతే Accept చేయను.